‘రేపు’ అని రాయకండి

మా పెద్దమ్మ ఒక బుధవారం రాత్రి పదకొండు దాటాక పోయారు. ఊరు పీలేరు దగ్గర, రొంపిచెర్ల మండలంలో. అర్ధరాత్రి 12:40కి కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది: “పెద్దమ్మ పోయింది. రేపు 11 గంటలకు. ఊరికి రండి.” రాసింది మా చిన్నాన్న కొడుకు. శవం పక్కన కూర్చుని రాశాడు. అతణ్ణి తప్పుపట్టను. న్యూజెర్సీలో అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. నేను ఆఫీసులో ఆ సందేశం చదివి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. నా తర్వాత అలాంటివే ముప్పైకి పైగా వచ్చాయి.

చెన్నైలో ఉన్న మా పిన్ని, అంటే పెద్దమ్మకు స్వయానా చెల్లెలు, ఆ సందేశాన్ని గురువారం ఉదయం ఆరున్నరకు చూశారు. పొద్దున చదివినవారికి రేపు అంటే శుక్రవారమే కదా. ఆమె మెల్లగా తయారై, అంగడి తెరిచాక పుట్టింటి చీర కొనడానికి బయలుదేరారు. పెద్దమ్మ ముత్తయిదువగా పోయారు. అలా పోయిన ఆడపడుచుకు స్నానం చేయించాక పుట్టింటివారు తెచ్చిన చీర కట్టాలి, పసుపు కుంకుమ పెట్టాలి. తల్లిదండ్రులు, అన్నదమ్ములు లేని ఆ పుట్టింట్లో మిగిలింది పిన్ని ఒక్కరే. “ఎంతవరకు వచ్చారు?” అని ఎవరో పదింటికి ఫోన్ చేస్తే, ఆమె అప్పుడు చీరల అంగడిలో ఉన్నారు.

మరోవైపు హైదరాబాద్ నుంచి పెద్దమ్మ పెద్ద కొడుకు రాత్రి రెండింటికే అద్దె కారులో బయలుదేరాడు. డ్రైవరు ఫోను మ్యాపులో రొంపిచెర్ల అని కొట్టాడు. పల్నాడులో, నరసరావుపేట దగ్గర రొంపిచర్ల అని మరొకటి ఉంది. వెనక సీటులో ఏడ్చి ఏడ్చి సోలిపోయిన అన్నయ్య కళ్లు తెరిచేసరికి కారు మిర్యాలగూడ దాటుతోంది. అతను వెళ్లాల్సింది కర్నూలు, కడప మీదుగా. కర్మ చేయాల్సినవాడు రాకుండా ఎత్తలేరు. గురువారం రాహుకాలం మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలవుతుంది కాబట్టి ఆలోపే ఎత్తాలని పెద్దలు పట్టుబట్టారు. వేళను ఒంటిగంటకు మార్చారు. “1కి మార్చాం” అన్న ఆ రెండు మాటలు ఓం శాంతి సందేశాల మధ్య ఎక్కడో కలిసిపోయాయి.

బెంగళూరు వాళ్లది ఇంకో అవస్థ. “ఊరు తిరుపతి దగ్గర” అని ఎవరో చెబితే పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి దాకా వెళ్లి, అక్కడి నుంచి భాకరాపేట ఘాట్ రోడ్డులో వెనక్కి వచ్చారు. చింతామణి, మదనపల్లె, పీలేరు మీదుగా వస్తే నేరుగా ఊరికి చేరేవారు.

అన్నయ్య పన్నెండున్నరకు చేరాడు. పిన్ని చేరేసరికి మూడున్నర. చీర అంగడివాళ్ల సంచిలోనే ఉంది. శ్మశానం నుంచి తిరిగి వచ్చినవాళ్లు బావి దగ్గర మోటారు వేసుకుని స్నానాలు చేస్తున్నారు. “అక్కకు ఏ చీర కట్టారు?” అని ఆమె ఒక్కటే అడిగారు.

నాకు అప్పుడు తెలిసిన సంగతి ఇది: చావు కబురులో మనం ఒక వేళ రాస్తాం, కానీ ఆ రోజు ఉండేవి మూడు వేళలు. స్నానం చేయించే వేళ, ఎత్తే వేళ, నిప్పు పెట్టే వేళ. ఎవరు దేనికి అందుకోవాలో వేరువేరు. పుట్టింటివారు స్నానానికి ముందే ఉండాలి. చివరిచూపు కావాలనుకున్నవారు ఎత్తకముందు రావాలి. ఆలస్యమైనవారికి కనీసం నేరుగా శ్మశానానికి రావచ్చా, అది ఏ వైపు అన్నది తెలియాలి. “11 గంటలకు” అంటే మా బంధువుల్లో సగం మంది నిప్పు పెట్టే వేళ అనుకున్నారు.

ఆ రాత్రి నేను చేయాల్సిన పని ఒకటి ఉంది. ఊళ్లో అర్ధరాత్రి అయితే ఇక్కడ మనకు పట్టపగలు. అక్కడ అందరూ ఏడుస్తున్నారు, పందిరి వేయిస్తున్నారు, ఐసు పెట్టె కోసం తిరుగుతున్నారు. కూర్చుని నాలుగు వాక్యాలు సరిగా రాయగల తీరిక మనకే ఉంది. ఊళ్లో ఒకరితో పది నిమిషాలు ఫోనులో మాట్లాడి, వివరాలు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే పంపాలి. ఆ ఒక్కరు కర్త కాకూడదు, పెద్ద కొడుకు ఫోనుకు ఆ రోజు నలభైమంది చేయకూడదు. అప్పుడు ఇలా రాసి ఉండాల్సింది:

“గురువారం తెల్లవారుజామున 2 గంటలకు రాస్తున్నాం. మా పెద్దమ్మ (ఇంటిపేరుతో పూర్తి పేరు, పెద్దనాన్న పేరు) బుధవారం రాత్రి పోయారు. అంత్యక్రియలు ఈ గురువారమే (తేదీ), ఊళ్లో సొంత ఇంటి దగ్గర. స్నానం ఉదయం 10:30కి, పుట్టింటివారు అంతకుముందే రావాలి. ఎత్తేది 12:30కి, రాహుకాలానికి ముందే. పెద్ద కొడుకు హైదరాబాద్ నుంచి వస్తున్నాడు, ఆయన కోసం 1:15 వరకు ఆగుతాం. ఊరు పీలేరు దగ్గరి రొంపిచెర్ల మండలం, పల్నాడుది కాదు. మ్యాపులో పేరు కొట్టకండి, కింద పంపిన గుర్తు నొక్కండి. బెంగళూరు వారు మదనపల్లె, పీలేరు మీదుగా, చెన్నై వారు తిరుపతి, భాకరాపేట మీదుగా రండి. శ్మశానానికి వచ్చేవారు మరో జత బట్టలు తెచ్చుకోండి, స్నానానికి నీళ్లు ఉన్నాయి. ఇంట్లో పొయ్యి వెలిగించరు, భోజనం పక్కింట్లో. దారి అడగాలంటే ఈ నంబరుకే చేయండి. వేళ మారితే ఈ సందేశం మొత్తం మళ్లీ పంపుతాం.”

చివరి వాక్యం చాలా ముఖ్యం. “1కి మార్చాం” అని తునకగా పంపితే పాత సందేశం చనిపోదు. దాన్ని అప్పటికే ఎవరో మేనత్తకు, ఆమె తన తోటికోడలికి పంపి ఉంటారు. అందుకే సందేశం మొదట్లోనే దాన్ని ఎప్పుడు రాశామో ఆ వేళ ఉండాలి. రెండు సందేశాలు చేతికొచ్చినవారు ఏది కొత్తదో అదే చూసి తేల్చుకుంటారు. కొత్తదాని మొదట్లో “2 గంటలకు పంపింది రద్దు” అని ఉండాలి. ఆ ఒక్కరోజు గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మారిస్తే సంతాపాలకు ఎవరూ నొచ్చుకోరు. మరుసటి రోజు ఎన్నయినా రాసుకోవచ్చు.

సందేశం పంపగానే పని అయిపోలేదు. పిన్ని వంటివారికి, అంటే రాకపోతే ఏదో ఒకటి ఆగిపోయేవారికి, ఫోన్ చేసి మాట్లాడాలి. మా కుటుంబంలో ఆ రోజు అలాంటివారు ఇద్దరే. రెండు ఫోన్లు.

ఒక్కోసారి వేళ చెప్పలేం. ప్రమాదంలో పోయి పోస్ట్‌మార్టం జరగాల్సి ఉంటే శవం ఎప్పుడు చేతికిస్తారో ఇంట్లోవారికే తెలియదు. విదేశం నుంచి కొడుకు చెన్నైలో దిగాల్సి ఉంటే, విమానం దిగడం వేరు, సామాను తీసుకుని కారెక్కి మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం తర్వాత తిరుపతి చేరడం వేరు. అప్పుడు అంచనా వేసి రాయకండి, జనం దాన్నే ఖాయమనుకుని బస్సెక్కుతారు. “వేళ ఇంకా నిర్ణయం కాలేదు, ఉదయం 7 గంటలకు మళ్లీ రాస్తాం, అప్పటివరకు దూరం వారు బయలుదేరకండి” అని రాయండి. ఏ కబురూ లేకపోయినా ఏడింటికి తప్పకుండా మరో సందేశం పంపండి.