దుప్పటి ఉతుకుతున్నాం సరే, దిండు సంగతేంటి?

పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్ళ దురద. స్నానం చేసి బయటికి వెళ్లేసరికి చాలావరకు సర్దుకుంటుంది. రాత్రి పక్క మీదకి చేరగానే మళ్లీ ముక్కు దిబ్బడ. ఏడాది పొడవునా ఇలాగే ఉంటే, ఇంట్లోవాళ్లు "వాడిది జలుబు తత్వం" అని తేల్చేస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జలుబైతే వారం పదిరోజుల్లో తగ్గాలి కదా! జ్వరం లేకుండా, నెలల తరబడి, అదీ పడుకున్నప్పుడూ లేచినప్పుడే ఎక్కువవుతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ మనిషి ఒంటిని కాదు, అతని పక్కని.

ఇంటి దుమ్ము పడనివాళ్లలో చాలామందికి అసలు పడనిది డస్ట్ మైట్ అనే జీవి. ఈ సంగతి 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫోర్‌హోర్స్ట్ అనే పరిశోధకుడి బృందం బయటపెట్టింది. మైట్ పొడవు మిల్లీమీటరులో సుమారు మూడో వంతు, కంటికి కనిపించదు. నల్లిలాగా కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటుంది. తిండి, తేమ, వెచ్చదనం మూడూ ఒకేచోట దొరికేది మనం రోజూ గంటల తరబడి పడుకునే దిండులో, పరుపులో, దుప్పట్లో.

మన ముక్కుతో గొడవ పెట్టుకునేది మైట్ కన్నా ఎక్కువగా దాని రెట్ట. ఒక్కో మైట్ రోజుకి ఇరవై దాకా రెట్టగుళికలు వేస్తుంది. వాటిలోని ప్రోటీన్లు ఎలర్జీ ఉన్నవాళ్ల ముక్కు లోపలి పొరని రెచ్చగొడతాయి. మైట్ చచ్చినా రెట్ట అక్కడే ఉంటుంది, దాని ప్రభావం నెలల తరబడి పోదు. అంటే మైట్‌ని చంపడం ఒక పని, రెట్టని తీసేయడం ఇంకో పని. ఎండలో వేయండి, ఫ్రీజర్‌లో పెట్టండి, స్ప్రే కొట్టండి, వ్యాక్యూమ్ చేయండి అని తలా ఒక సలహా ఇస్తారు గానీ, ఏది ఏ పని చేస్తుందో చెప్పేవాళ్లు కనబడరు.

చల్లటి నీళ్లలో మామూలుగా ఉతికినా రెట్టలోని ప్రోటీన్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది. మైట్లు మాత్రం పోగుల్ని పట్టుకుని బతికే ఉంటాయి. బట్ట ఆరి పరుపెక్కగానే మళ్లీ వాటి సంసారం మొదలు. 55 డిగ్రీలు దాటిన నీళ్లలో ఉతికితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అందుకే 60 డిగ్రీలు పెట్టమంటారు. ఫ్రీజర్‌లో ఒక రోజు, రెండు రోజులు ఉంచితే మైట్లు చస్తాయి, రెట్ట అలాగే ఉంటుంది, తర్వాత ఉతకాల్సిందే. ఎండ సంగతీ అంతే. పలచటి దుప్పటిని మండుటెండలో ఆరేస్తే చాలా మైట్లు చస్తాయి. లావుపాటి పరుపుని వేస్తే పైన కాలుతుంది గానీ నడిమి భాగానికి ఆ వేడి అందదు. అయినా పరుపు ఎండలో వేయడం మంచిదే, తేమ పోతుంది. ఎండ తగిలింది కదా, ఎలర్జీ పోయిందనుకోవడమే తప్పు.

ఇక పరుపుని కర్రతో బాదడం గురించి. ఎలర్జీ ఉన్నవాళ్ల ఇంట్లో గదిలోపల ఆ పని దయచేసి చేయకండి. అడుగున అణిగి ఉన్నదంతా గాల్లోకి లేస్తుంది. ఆ రాత్రి వాళ్ల అవస్థ చూడలేం.

మా అక్క కొడుక్కి ఏడేళ్లు. నోరు తెరుచుకుని పడుకుంటాడు, గురక పెడతాడు, రాత్రి రెండు మూడుసార్లు లేచి ముక్కు నలుపుకుంటాడు. స్కూల్లో మధ్యాహ్నం అయ్యేసరికి తల వాల్చేస్తాడని టీచర్ ఫిర్యాదు. పిల్లాడికి చదువు మీద ధ్యాస లేదని ఇంట్లో తిట్లు. నిద్ర చాలని పిల్లాడు కునుకు తీయక ఏం చేస్తాడు? పడుకుంటేనే ముక్కు లోపలి రక్తనాళాలు కాస్త ఉబ్బుతాయి, దానికి ఎలర్జీ వాపు తోడైతే ఇక గాలి ఆడదు. డాక్టర్ చర్మం మీద చుక్కలు వేసి చేసే పరీక్ష చేయిస్తే మైట్ చుక్క దగ్గర దద్దురు లేచింది.

అక్క ఇల్లు అద్దంలా ఉంచుతుంది. పక్క దుప్పట్లు ప్రతి ఆదివారం మెషీన్‌లో వేస్తుంది. "ఇంతకన్నా శుభ్రంగా ఎవరుంటారు, చెప్పు?" అంది. ఇద్దరం కలిసి వాడి పక్క విప్పి చూశాం. దుప్పటి తళతళలాడుతోంది. గలీబు తీస్తే లోపలి దిండు చెమట మరకలతో పసుపుపచ్చగా అట్టకట్టింది, కొన్నప్పటి నుంచి ఒక్కసారీ తడవలేదు. కప్పుకునే బొంత బీరువాలోంచి తీసి ఉతక్కుండానే వాడుతున్నారు. తలదగ్గర మూడు బొచ్చుబొమ్మలు, వాటిని వాటేసుకుని పడుకుంటాడు. మెషీన్ చూస్తే చల్లనీళ్ల క్విక్ వాష్ మీద ఉంది. వారం వారం ఉతికే దుప్పటి కింద ఏళ్ల తరబడి ఉతకని దిండు. ఎక్కువ ఇళ్లలో కథ ఇదే.

దిండు తీసేసి, ఉతకడానికి వీలయ్యే సింథటిక్ పీచు దిండు పెట్టాం. దూది దిండు ఉతికితే లోపల ఉండలు కడుతుంది, నడుమ తడి ఆరక బూజు పడుతుంది. దాన్ని ఉతికే బదులు మార్చడమే నయం. పీచు దిండు కూడా పైకి ఆరినట్టే ఉంటుంది, మధ్యలో చెయ్యి పెట్టి గట్టిగా నొక్కితే చల్లగా తగులుతుంది. అలా తగిలితే ఇంకో రోజు ఎండలో ఉండాలి. సగం ఆరిన దిండు కన్నా ఉతకని దిండే నయం.

దిండుకీ పరుపుకీ జిప్ ఉన్న ఒత్తునేత తొడుగులు వేశాం. వాటి నేతలోంచి మైట్లు గానీ రెట్ట గానీ బయటికి రావు. ప్లాస్టిక్ తొడుగైతే చెమట పట్టి పిల్లాడు రాత్రంతా దొర్లుతాడు, గుడ్డదే మేలు. ఒక చిన్న సంగతి: జిప్ పళ్ళు ఆగే మూల దగ్గర సందు ఉంటుంది. అక్కడ లోపలి నుంచి గుడ్డ టేపు అంటించాం. ఇక పైన వేసే గలీబు, దుప్పటి, బొంత వేడినీళ్లలో వారానికోసారి. బొమ్మల్లో రెండిటిని పాలిథిన్ సంచిలో కట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత ఉతికాం. మూడోదాన్ని షోకేసులోకి మార్చాం, అది మాత్రం చిన్న యుద్ధమే.

మెషీన్‌లో హీటర్ లేని వాళ్లు బకెట్‌తో చేయొచ్చు. రెండు వంతులు మరుగుతున్న నీళ్లకి ఒక వంతు మామూలు నీళ్లు కలిపితే 70 డిగ్రీల పైనే ఉంటుంది. చల్లటి గుడ్డ వేశాక కొంత వేడి పడిపోయినా 55 దాటే ఉంటుంది, థర్మామీటర్ ఉంటే చూసుకోండి. గుడ్డని పూర్తిగా ముంచి, మూత పెట్టి పావుగంట ఉంచండి. చేత్తో కాకుండా కర్రతో కలపండి, పిల్లల్ని ఆ దగ్గరికి రానివ్వకండి. తర్వాత మామూలుగా ఉతికి బాగా జాడించాలి. రంగు వెలిసే గుడ్డలకీ ఉన్నికీ ఇది పనికిరాదు.

"ఇదంతా ఎందుకు, చాప మీద పడుకోబెట్టు" అని అక్క అత్తగారు అన్నారు. ఆవిడ మాటలో సగం నిజముంది. చాపలో దూది లేదు, పీచు లేదు, మైట్లు దాక్కునే లోతు లేదు, తడిగుడ్డతో తుడిచి ఆరేస్తే సరి. కానీ చాప మీద బొంత, బొంత మీద ఉతకని దిండు వేస్తే అది చాప పక్క కాదు, పరుపే. పైగా చాప రాత్రీ పగలూ నేలమీదే పరిచి ఉంచితే కింద చెమ్మ పట్టి బూజు వస్తుంది. ముక్కు కూడా నేలకి దగ్గరగా ఉంటుంది. కాబట్టి పొద్దున్నే చాప తీసి రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టాలి. చుట్టచుట్టి మూల పడేస్తే ఉపయోగం లేదు.

గాలిని శుభ్రం చేసే మెషీన్ కొనమని అక్కకి ఇంకెవరో చెప్పారు. రెట్టగుళికలు బరువు, కదిలించినప్పుడు లేచి అరగంటలో కిందికి దిగిపోతాయి. గది మూలన ఉన్న మెషీన్ పీల్చేలోపు, దిండుకి ఆనించి ఉన్న ముక్కు పీల్చేస్తుంది. మిగతా దుమ్ముకి అది పనికొస్తే రావచ్చు, మైట్ ఎలర్జీకి మాత్రం అంత డబ్బు దండగని నా అభిప్రాయం. ఆ డబ్బుతో దిండు తొడుగులు కొనండి. గదిలో తేమ 50 శాతం లోపు ఉంచగలిగితే మైట్లు దాహం తీరక చస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో అది అందరికీ సాధ్యం కాదు. లేచిన వెంటనే పక్క సర్దేసి దుప్పటి కప్పేయకుండా, కాసేపు తెరిచి వదిలేస్తే రాత్రి చెమటైనా ఆరుతుంది.

తొడుగు ఒక్కటే వేసి అద్భుతం జరగాలనుకునేవాళ్లకి ఒక మాట. 2003లో బ్రిటన్‌లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో తొడుగుల వల్ల మాత్రమే తేడా ఏమీ కనిపించలేదు. 2017లో ఇంగ్లండ్‌లో పిల్లల మీద జరిగిన అధ్యయనంలో మాత్రం, తొడుగులు వాడిన పిల్లలకి ఆస్తమా ముదిరి ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావడం తగ్గింది. పెద్దలకీ పిల్లలకీ ఫలితం ఒకలా ఉండదని నాకు అర్థమైంది. ఇంకోటి, పరీక్షలో మైట్ అని తేలని మనిషికి ఈ చాకిరీ అంతా వృథా. ముందు పరీక్ష, తర్వాత ఉతుకుడు.

మొదటి రెండు వారాలు పిల్లాడిలో పెద్ద తేడా లేదు, అక్క విసుక్కుంది కూడా. పాత రెట్ట ఒక్కసారిగా పోదు, ముక్కు వాపు కూడా రాత్రికి రాత్రి దిగదు. తర్వాత మెల్లగా గురక తగ్గింది, రాత్రి లేవడం తగ్గింది. పొద్దుటి తుమ్ములు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. డాక్టర్ ఇచ్చిన ముక్కు స్ప్రే మానలేదు, ఎప్పుడు తగ్గించాలో ఆయనే చెబుతానన్నారు. పిల్లికూతలు, రాత్రిపూట దగ్గు, ఆయాసం ఉంటే మాత్రం ఉతుకులతో కాలయాపన చేయకుండా వెంటనే డాక్టర్‌కి చూపించాలని కూడా చెప్పారు. దుప్పట్లు మార్చే పని ఇప్పుడు వాడు స్కూలుకి వెళ్లాక చేస్తోంది అక్క, ముక్కుకి మాస్క్ కట్టుకుని, కిటికీలు తెరిచి.