లేవండి సార్, అది నా క్రేటు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి నేను ఒక ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుని, అలాంటి క్రేట్లు 9,600 ఇక తిరిగి రావని ఆడిటర్‌కి వివరిస్తున్నాను. ఆ మంట ఇంకా తగ్గలేదు. తగ్గేలోగా రాసేస్తే మంచిది, లేకపోతే నా తప్పు నాకే చిన్నదిగా కనిపించడం మొదలవుతుంది.

సంగతి ఇది. మాది సీసాల్లో డ్రింకులు నింపి డీలర్లకు పంపే కంపెనీ. సీసాలో ఉన్న సరుకు డీలరు కొనుక్కుంటాడు. సీసా, క్రేటు మాత్రం మావే. అవి వెనక్కి రావాలి కాబట్టి మొదట్లోనే క్రేటుకింత, సీసాకింత అని డిపాజిట్ తీసుకుంటాం. ఖాళీలు అప్పగిస్తే తిరిగి ఇచ్చేస్తాం, అప్పగించకపోతే జప్తు చేసుకుని ఆదాయంలో కలుపుకుంటాం. అంతదాకా ఆ డబ్బు మా బ్యాంకులో ఉన్నా మాది కాదు, డీలర్లకు మేం పడ్డ బాకీ. ఈ మాట కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నేనే చెబుతాను.

ఏడాది చివర. లాభం అనుకున్నంత రాలేదు. మేనేజర్ గారు నా బల్ల దగ్గరికొచ్చి, టీ కప్పు నా లెడ్జర్ మీదే పెట్టి, "పాత డిపాజిట్లు ఏమన్నా కదలకుండా పడున్నాయేమో చూడండి" అన్నారు. చూశాను. కంప్యూటర్‌లో ఒక రిపోర్టు ఉంది: మూడేళ్లుగా కదలిక లేని డిపాజిట్లు. బటన్ నొక్కితే 41 మంది డీలర్లు, 9,600 క్రేట్లు, అన్నీ ఎర్ర రంగులో వచ్చాయి. డీలర్ల డిపాజిట్ ఖాతాకు డెబిట్, ఇతర ఆదాయానికి క్రెడిట్. ఇరవై నిమిషాల పని. ఆ సాయంత్రం మేనేజర్ గారు నాకు బిస్కెట్లు కూడా పెట్టించారు.

ఆ తర్వాత, గమనించండి, ఆ తర్వాత, డీలర్లందరికీ బాకీ నిర్ధారణ ఉత్తరాలు వెళ్లాయి. మీ డిపాజిట్ నిల్వ మా పుస్తకాల్లో సున్నా, తేడా ఉంటే పదిహేను రోజుల్లో తెలపండి అని. ముందు అడిగి తర్వాత రాయాల్సింది, ముందు రాసేసి తర్వాత అడిగాను. చాలామంది అలాంటి ఉత్తరాలు చదవరు. ఒకాయన చదివాడు.

ఇప్పుడు శుక్రవారానికి వద్దాం. మా గదిలో కుర్చీలన్నీ పైన ఏదో మీటింగ్‌కి పట్టుకుపోయారు. మిగిలిన ఒక్క కుర్చీ ఆడిటర్‌కి ఇచ్చి, మూలనున్న క్రేటు బోర్లించి నేను కూర్చున్నాను. ఆడిటర్ నెమ్మదస్తురాలు. నెమ్మదస్తులైన ఆడిటర్లంటేనే నాకు భయం. "ఈ క్రేట్లు పోయాయని మీకెలా తెలిసింది?" అని అడిగింది. రిపోర్టు చెప్పిందన్నాను. "సరే, పోయాయి. మరి మన ఆస్తుల జాబితాలోంచి వాటిని తీసేశారా?"

తీసేయలేదు.

అంటే నా పుస్తకాల ప్రకారం ఆ 9,600 క్రేట్లు పోయాయి కాబట్టి డిపాజిట్ మాది, పోలేదు కాబట్టి క్రేట్లూ మావే. ఒకే క్రేటుకి ఒక పేజీలో తద్దినం పెట్టి, ఇంకో పేజీలో షష్టిపూర్తి చేశానన్నమాట. నిజంగా పోయి ఉంటే వాటికి పుస్తకాల్లో మిగిలిన విలువ కొట్టేసి, డిపాజిట్‌లోంచి అది పోగా మిగిలిందే లాభమని చూపించాలి. కొత్త క్రేటు ఖరీదు డిపాజిట్ కన్నా ఎక్కువైతే, జప్తు చేసుకున్నామన్న సంబరమే గానీ, బదులు కొత్తవి కొనేటప్పుడు చేతిలోంచి పడుతుంది.

ఇలాంటప్పుడు మనిషి చదువు బయటికి తీస్తాడు. నేనూ తీశాను. 1959లో సుప్రీంకోర్టు పంజాబ్ డిస్టిలింగ్ కేసులో ఏం చెప్పిందో తెలుసా అని మొదలుపెట్టాను. సీసాలు తిరిగిస్తే వాపసు చేస్తామని అదనంగా వసూలు చేసిన సొమ్ముకి సెక్యూరిటీ డిపాజిట్ అని పేరు పెట్టినా అది వ్యాపార రాబడే, ఆదాయమే అంది కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అక్కడ సీసాలు అమ్మేశారు. తిరిగి తెచ్చివ్వాలన్న బాధ్యత కొన్నవాడికి లేదు. అందుకే అది అమ్మకం ధరలో భాగమైంది. మీ ఒప్పందంలో క్రేటు కంపెనీ ఆస్తి, డీలరు తిరిగివ్వాలి అని రాసుంది. రెండో పేజీలో" అంది. రెండో పేజీ నేను చదవలేదని ఆవిడకి ఎలా తెలిసిందో!

సరిగ్గా అప్పుడు ఆయన వచ్చాడు, ఉత్తరం చదివిన డీలరు. ఒక చేతిలో ఉత్తరం, రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు. నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆయన మాత్రం నా మొహం వంక చూడటం లేదు. చూపు ఇంకా కింద ఎక్కడో ఉంది. ప్యాంటు చిరిగిందేమోనని కంగారుపడ్డాను.

"ఒకసారి లేవండి సార్" అన్నాడు.

నేను లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పాలి. ఏడాది చివర డీలర్లు వస్తే వాళ్ల మాట విని లేచామా, ఇక రాత్రి దాకా యార్డులో నిలబడాల్సిందేనని పద్దెనిమిదేళ్ల అనుభవం. పైగా ఆడిటర్ ఎదురుగా ఒక బయటి మనిషి లేవమంటే లేవడం అకౌంట్స్ విభాగానికే చిన్నతనం. అన్నిటికన్నా ముఖ్యం, బోర్లించిన క్రేటు మీద అరగంట కూర్చున్న నలభై ఎనిమిదేళ్ల మనిషి లేవమనగానే లేవలేడు. క్రేటు గళ్లు నాకు ఎక్కడ అచ్చుపడ్డాయో ఇంటికెళ్లాకే తెలిసింది.

"చెప్పండి, ఏం కావాలి?" అన్నాను కూర్చునే.

"మీరు కూర్చున్నది" అన్నాడు.

ఆడిటర్ పెన్ను మూత పెట్టింది. ఆవిడ పెన్ను మూత పెట్టడం అప్పుడే మొదటిసారి చూశాను. గోడ పట్టుకుని లేచాను. ఆయన క్రేటు తిరగేసి అడుగుభాగం ఆవిడకి చూపించాడు. పసుపు రంగుతో గుండ్రంగా ఒక చుక్క, చుక్కలో రెండు గీతలు. పక్క డీలరు ఖాళీలతో కలిసిపోకుండా ఆయన తన క్రేట్లకి వేసుకునే గుర్తు. తర్వాత అదే గుర్తు మా ప్రింటరు కిందున్న రెండు క్రేట్లకి కనిపించింది. వాచ్‌మన్ మంచానికి కోళ్లుగా ఉన్న మూడింటికీ కనిపించింది. నేనొకటి, ప్రింటరు రెండు, వాచ్‌మన్ మూడు. వెరసి ఆరు. ఆయన కవరులోంచి ఒక గులాబీ రంగు స్లిప్ తీశాడు. ఒక రాత్రి పొద్దుపోయాక లారీ వచ్చింది, సీసాలు కడగడానికి లోపలికెళ్లాయి, ఆరు ఖాళీ క్రేట్లు గేటు దగ్గర దించుకుని గేటు గుమస్తా సంతకం చేసిచ్చాడు. మా కాపీ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. క్రేట్లు మాత్రం ఆఫీసులోకి ఎక్కాయి.

ఇక లెక్క చెప్పాడు. నిలబడే చెప్పాడు, నిలబడే విన్నాను, క్రేటు బల్ల మీద ఉంది మరి. ఆయన డిపాజిట్ కట్టింది 240 క్రేట్లకి. దుకాణంలో ఉన్నవి, గోదాములో ఉన్నవి, ఆ పూట లారీలో తెచ్చినవి కలిపి 231. మా దగ్గర ఫర్నిచరుగా ఆరు. మూడు నిజంగానే విరిగిపోయాయి, ఒప్పుకున్నాడు. నేను జప్తు చేయగలిగింది మూడు. చేసింది 240.

"మరి మూడేళ్లుగా మీ ఖాతాలో కదలికే లేదు కదా?" అన్నాను. ఇంకా పట్టు వదల్లేదు చూడండి.

"ఎందుకుంటుంది సార్? వారానికి ఎన్ని నిండువి తీసుకుంటానో అన్ని ఖాళీలు ఇస్తాను. కొత్తగా డిపాజిట్ కట్టక్కర్లేదు, మీరు తిరిగి ఇవ్వక్కర్లేదు."

ఈ మాట రాత్రి పడుకున్నాక నాకు అర్థమైంది. నిండు క్రేటుకి ఖాళీ క్రేటు బదులిచ్చినప్పుడు డిపాజిట్ ఖాతాలో ఒక్క ఎంట్రీ కూడా పడదు. ఎవరు ఖాళీలు ఠంచనుగా తెస్తారో వాళ్ల డిపాజిట్టే ఏళ్ల తరబడి కదలదు. ఎవరు క్రేట్లు పోగొట్టుకుని మళ్లీ మళ్లీ డిపాజిట్ కడుతుంటారో వాళ్ల ఖాతా కళకళలాడుతుంది. ఆ రిపోర్టు రాసిన మహానుభావుడు డబ్బు కదలికను చూశాడే గానీ క్రేటు కదలికను చూడలేదు. అందువల్ల అది మా కంపెనీలో అత్యుత్తమ డీలర్లందరినీ ఏరి, ఎర్ర రంగు పూసి నా చేతికిచ్చింది. నేను వాళ్లందరికీ ఒకే రోజు సున్నా చుట్టాను.

శనివారం గేటు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను (కుర్చీలో కాదు). ఒక్కో డీలరు ఆఖరుసారి ఖాళీలు ఎప్పుడు తెచ్చాడు, ఆఖరుసారి సరుకు ఎప్పుడు ఎత్తాడు, ఈ రెండే చూశాను. 41 మందిలో 37 మంది గత నెలలో కూడా వచ్చారు. వ్యాపారం మానేసి, క్రేట్లతో సహా కనిపించకుండా పోయినవాళ్లు నలుగురే, వాళ్లవి 310 క్రేట్లు. వాటిని కూడా వెంటనే తీసుకోవడానికి లేదు. ఒప్పందం రెండో పేజీ ప్రకారం ముందు నోటీసివ్వాలి, గడువివ్వాలి, గడువు దాటాకే జప్తు. ఆ నోటీసులు ఎవరూ ఇవ్వలేదు. ప్రస్తుతానికి ధైర్యంగా ఆదాయమని రాయగలిగింది పసుపు చుక్క ఆయన ఒప్పుకున్న ఆ మూడు క్రేట్లే.

ఎంట్రీ తిరగేసి మేనేజర్ గారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "సిస్టమ్‌లో ఉన్న రిపోర్టును మీరు సరిగా అర్థం చేసుకోలేదు" అన్నారు. పాతవి చూడమన్నది ఎవరు స్వామీ అని నోటిదాకా వచ్చింది. బిస్కెట్లు గుర్తొచ్చి మింగేశాను.

సోమవారం స్టోర్ కీపర్ వచ్చి ఆరు క్రేట్లూ యార్డుకి పట్టుకెళ్లాడు. వాచ్‌మన్ మంచం నేల మీదికి దిగింది. ప్రింటరు కూడా దిగింది, ఇప్పుడు కాగితం కావాలంటే వంగి సాష్టాంగపడాలి. పోతూ పోతూ స్టోర్ కీపర్ నా ముందొక గులాబీ స్లిప్ పెట్టి సంతకం చేయమన్నాడు. ఏమిటని చదివితే, అకౌంట్స్ విభాగం, క్రేటు ఒకటి, అంచు పగులు, డిపాజిట్‌లో కోత.

"నేను డిపాజిట్ కట్టలేదయ్యా" అన్నాను.

"అయితే ముందు కట్టండి సార్, తర్వాత కోస్తాం" అన్నాడు.

పైకి వెళ్లిన కుర్చీలు ఇంకా దిగలేదు.