డబ్బు అరగంటలో నాలుగు రాష్ట్రాలు దాటింది, ఫిర్యాదు మాత్రం స్టేషన్ గేటు దాటలేదు

సైబర్ మోసం అనగానే "దొంగ దొరకడండీ" అంటారు అందరూ. జిల్లా కోర్టులో ఈ కేసులు చూసే వకీలుగా నా కోపం అంతకన్నా ముందు దశ మీద. కేసు ఏ స్టేషన్‌దో తేలేలోపే పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది.

ఈ మధ్య నా దగ్గరకు వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారి సంగతి చెప్తాను (ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను). తెలిసినవాళ్ల నంబర్ నుంచే వాట్సాప్‌లో `RTO Challan.apk` అని ఒక ఫైల్ వచ్చింది. బండికి చలానా పడిందేమో అని టెన్షన్‌తో నొక్కారు. ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడిగితే సరే అన్నారు. చలానా చూపించే ముందు 1 రూపాయి కట్టమంటే కార్డు నంబరు, పిన్ కొట్టారు. ఆ తర్వాత వచ్చిన ఓటీపీలన్నీ ఆయన కంటే ముందు అవతలివాడికే చేరాయి. రెండు విడతల్లో 2,40,000 రూపాయలు పోయాయి.

మర్నాడు పొద్దున ఆయన స్టేషన్‌కి వెళ్తే రైటర్ అన్న మాట: "మాస్టారూ, మీ బ్యాంకు బ్రాంచి హైదరాబాద్‌లో కదా, అక్కడి సైబర్ స్టేషన్‌కి వెళ్లండి." అక్కడికి వెళ్తే, "మీరు ఉండేది జిల్లాలో, ఫోన్ వాడింది జిల్లాలో, ఇక్కడికెందుకొచ్చారు?" ఈలోపు వాళ్లబ్బాయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు కాబట్టి 38,000 ఒక ఖాతాలో హోల్డ్ అయ్యాయి. మిగతాది అప్పటికే తొమ్మిది ఖాతాల్లోకి చీలి, కొంత రాజస్థాన్‌లో ఏటీఎం నుంచి నోట్లుగా, కొంత క్రిప్టోగా మారిపోయింది.

చట్టం చూస్తే ఇందులో సందేహానికి చోటే లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 202వ సెక్షన్ ప్రకారం, మెసేజ్ ద్వారా మోసం చేస్తే ఆ మెసేజ్ పంపిన చోట గానీ అందిన చోట గానీ కేసు విచారించవచ్చు. డబ్బు ఇచ్చిన చోటైనా, దొంగకు ముట్టిన చోటైనా సరే. 173వ సెక్షన్ ఇంకో మెట్టు పైకెళ్లి, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్ అయినా ఫిర్యాదు తీసుకోవాలంది. జనం జీరో ఎఫ్ఐఆర్ అనేది దీన్నే. మాస్టారి ఫోన్‌కి మెసేజ్ అందింది ఆయన ఇంట్లో. కాబట్టి ఆయన ఊరి స్టేషన్‌కి పూర్తి అధికారం ఉంది, జీరో నంబరు అవసరం కూడా లేదు.

మరి ఎందుకు తిప్పుతారు? నాకు అర్థమైనంతలో, బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకుండా చేయాలి. ఎస్సై ఉన్న మండల స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కడితే ఆ బరువు సీఐ మీద పడుతుంది. పైగా తేలని కేసు ఒకటి స్టేషన్ లెక్కలో ఏళ్ల తరబడి పెండింగ్‌లో కనిపిస్తుంది. అందుకే ఒక మాట చెప్పి పంపేయడం సులువు.

సరే, ఎఫ్ఐఆర్ అయిందనుకోండి. ఏ సెక్షన్ పెట్టాలి? ఇలా ఎర వేసి పిన్‌లు, ఓటీపీలు లాగడాన్ని ఫిషింగ్ అంటారు గానీ ఆ మాట ఐటీ చట్టంలో లేదు. మోసపు మెసేజ్‌తో వేరొకరిలా నటించడం 66డీ. మాస్టారి పిన్, ఓటీపీ ఆయన పేరుతో వాడుకోవడం 66సీ, అదే ఐడెంటిటీ దొంగతనం. రెండింటికీ గరిష్ఠం మూడేళ్లు. అసలు చిక్కు 77బీలో ఉంది: మూడేళ్ల శిక్ష పడే నేరాలు బెయిలబుల్. అంటే అడిగితే బెయిల్ ఇవ్వాల్సిందే. అందుకే పోలీసులు పక్కన ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోని 318(4), అంటే మన పాత 420 కూడా చేరుస్తారు. అది ఏడేళ్లు, నాన్ బెయిలబుల్. అయినా ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు ఇవ్వడమే మామూలు, అరెస్టు చేస్తే కారణం రాసి చూపించాలి.

ఇప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక ఎస్సై రాజస్థాన్ వెళ్లాలి. పై అధికారి అనుమతి కావాలి, టికెట్లు కావాలి, అక్కడి పోలీసుల సాయం కావాలి. అరెస్టు చేస్తే అక్కడి మేజిస్ట్రేటు ముందు పెట్టి, ఇక్కడికి తీసుకురావడానికి ట్రాన్సిట్ రిమాండ్ తెచ్చుకోవాలి. వాడు అప్పటికే మరో రాష్ట్రం కేసులో జైల్లో ఉంటే, ఆ జైలు నుంచి మన కోర్టుకు రప్పించే పీటీ వారెంట్ వేసి వాళ్ల వంతు అయ్యేదాకా ఆగాలి. ఇంత చేసి పట్టుకొచ్చేది ఎవరిని? పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి కొన్ని వేలకు అమ్ముకున్న మ్యూల్ అకౌంట్ కుర్రాణ్ని. మెసేజ్ పంపినవాడి ముఖం వాడికీ తెలియదు.

ఇంకో వైపు కూడా చూడండి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. దొంగ డబ్బులోంచి ఒక 300 రూపాయలు పెట్టి ఎవడో టిఫిన్ తిన్నాడు. ఆ టిఫిన్ సెంటర్ వాడి ఖాతా మొత్తం ఫ్రీజ్. బ్యాంకుకి వెళ్తే, "మాకు తెలియదు, ఫలానా రాష్ట్రం పోలీసులు మెయిల్ పెట్టారు, వాళ్ల దగ్గర ఎన్ఓసీ తెచ్చుకోండి" అంటారు. ఇడ్లీ అమ్ముకునేవాడు ఏ భాష వచ్చని వెయ్యి కిలోమీటర్లు పోవాలి? 2023లో కేరళ హైకోర్టు అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపి, మిగతా ఖాతా నడవనివ్వాలని చెప్పింది. బుర్రకు ఎక్కే మాట. అయినా మొత్తం బిగించేసిన ఖాతాలతో జనం నా దగ్గరకు వస్తూనే ఉన్నారు.

ఇదంతా దేశం లోపల కథ. మోసం చేసినవాడు దేశం బయట ఉంటే చట్టం ఇంకా గంభీరంగా ఉంటుంది: ఐటీ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, ఇక్కడి కంప్యూటర్ మీద దాడి చేస్తే ప్రపంచంలో ఎక్కడున్నా ఎవడికైనా ఈ చట్టం వర్తిస్తుంది. కాగితం మీద భూగోళమంతా మనదే. కానీ అవతలి దేశం నుంచి ఒక లాగిన్ రికార్డు కావాలన్నా కోర్టు ద్వారానో కేంద్ర హోం శాఖ ద్వారానో అభ్యర్థన వెళ్లాలి. అది తిరిగొచ్చేలోపు అక్కడి కంపెనీ లాగ్‌లు చెరిపేసి ఉండొచ్చు. ఆధారాలు త్వరగా భద్రపరచడానికి 2001లో వచ్చిన బుడాపెస్ట్ ఒప్పందంలో మనం చేరలేదు.

చేరినంత మాత్రాన అన్నీ తేలిపోతాయనీ కాదు. కంప్యూటర్లలోని డేటాకు తాళం వేసి డబ్బు గుంజే లాక్‌బిట్ అనే రాన్సమ్‌వేర్ ముఠా సర్వర్లను 2024 ఫిబ్రవరిలో పలు దేశాల పోలీసులు కలిసి స్వాధీనం చేసుకున్నారు. మేలో దాని నాయకుడు రష్యా పౌరుడు దిమిత్రీ ఖొరోషెవ్ అని అమెరికా పేరు, ఫొటోతో సహా ప్రకటించి, కోటి డాలర్ల దాకా బహుమతి పెట్టింది. కానీ తన పౌరుణ్ని వేరే దేశానికి అప్పగించకూడదని రష్యా రాజ్యాంగంలోనే ఉంది.

మన తెలుగు పిల్లలదైతే మరీ విచిత్రమైన పరిస్థితి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. అక్కణ్నుంచి తెలుగులో ఫోన్ చేసిన కుర్రాడు నేరస్థుడా, బాధితుడా? ఒకే మనిషి రెండు ఎఫ్ఐఆర్‌లలో రెండు రకాలుగా ఉండొచ్చు.

కంబోడియాని మనం మార్చలేం. స్టేషన్ గేటుని మార్చొచ్చు. 2025 మేలో ఢిల్లీలో ఈ-జీరో ఎఫ్ఐఆర్ అని పైలట్ మొదలుపెట్టారు. 1930కి గానీ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఇచ్చిన ఫిర్యాదు దానంతటదే జీరో ఎఫ్ఐఆర్ అవుతుంది, మూడు రోజుల్లో వెళ్లి మామూలు ఎఫ్ఐఆర్‌గా మార్పించుకోవాలి. రైటర్‌ని బతిమాలే పని లేదు. కానీ మొదట్లో అది 10 లక్షలు దాటిన కేసులకే అన్నారు. ఆ లెక్కన మా మాస్టారు పోగొట్టుకున్నది చాల్లేదన్నమాట. ఈ గీత అక్కర్లేదని నా వాదన. ఎందుకంటే పది లక్షలు పోగొట్టుకున్నవాడు ఎలాగూ వకీలుని పెట్టుకుంటాడు, 40 వేలు పోయినవాణ్నే రెండు స్టేషన్ల మధ్య తిప్పుతారు.