డిలీట్ అయిన మెసేజ్ ఆడిట్ లాగ్‌లో ఉండదు

"డిస్కార్డ్‌లో ఏదీ పోదు. ఎవరైనా తిట్టి డిలీట్ చేసినా టెన్షన్ వద్దు, ఆడిట్ లాగ్‌లో మెసేజ్ మొత్తం ఉంటుంది, మోడ్‌ని అడిగితే తీసి ఇస్తాడు. బ్యాన్ అయినా డేటా రిక్వెస్ట్ పెడితే సర్వర్ చాట్ అంతా ఫైల్‌గా వస్తుంది. అర్జెంటైతే మీ టోకెన్ పంపండి, మేం రికవర్ చేస్తాం."

మారతహళ్ళి నుంచి బెల్లందూరు దాకా ఒక్క తెలుగు గేమింగ్ గ్రూపునీ వదలకుండా తిరుగుతోంది ఇది. దయచేసి ఇక ఫార్వర్డ్ చేయకండి. దీన్ని నమ్మి ఒకమ్మాయి చేతిలో ఉన్న ఆధారం పోగొట్టుకుంది.

మా సర్వర్‌లోనే జరిగింది. రాత్రి మ్యాచ్ ఓడిపోయాక ఒకడు ఆ అమ్మాయిని చాట్‌లో వరసగా బూతులు తిట్టి, ఐదు నిమిషాల్లో తనే అన్నీ డిలీట్ చేసుకున్నాడు. ఎలాగూ లాగ్‌లో ఉంటాయి కదా అని ఆమె స్క్రీన్‌షాట్ తీయలేదు, రిపోర్ట్ కూడా కొట్టలేదు. పొద్దున మోడ్ ఆడిట్ లాగ్ తెరిస్తే అతని పేరు మీద ఒక్క వరస కూడా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఎవరి మెసేజ్ వాళ్ళే డిలీట్ చేసుకుంటే ఆడిట్ లాగ్‌లో అసలు నమోదు కాదు. అది అడ్మిన్లూ మోడ్‌లూ సర్వర్‌లో ఏం చేశారో రాసిపెట్టే పుస్తకం, చాట్‌కి కాపీ కాదు. పోనీ మోడ్ డిలీట్ చేసి ఉంటే? అప్పుడైనా ఎవరు తీశారు, ఎవరి మెసేజ్‌లు, ఏ ఛానెల్లో, ఎన్ని అన్నదే కనిపిస్తుంది. అందులో ఏం రాసి ఉందో ఉండదు. ఎడిట్ చేసినా అంతే, పక్కన ఎడిట్ అయిందన్న గుర్తు తప్ప పాత మాట ఎక్కడా దొరకదు. ఆ లాగ్ కూడా 45 రోజులే ఉంటుంది, అనుమతి ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది.

డిలీట్ అయిన మాటలు దొరికే దారి ఒకటే ఉంది, లాగింగ్ బాట్. డైనో, కార్ల్‌బాట్ లాంటివి ముందే పెట్టి, వాటికి ఒక లాగ్ ఛానెల్ చూపించి ఉంటే, డిలీట్ అయిన మెసేజ్‌ని అవి అక్కడ మళ్ళీ పోస్ట్ చేస్తాయి. గొడవ అయ్యాక తెచ్చి పెడితే ఉపయోగం లేదు, బాట్ తను చూసి దాచుకున్న మెసేజ్‌నే చూపించగలదు. మా సర్వర్‌లో అప్పటికి బాట్ లేదు.

మరి ఏం చేయాలి? మెసేజ్ కళ్ళముందు ఉండగానే, పేరూ టైమూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, మెసేజ్ లింక్ కాపీ చేసుకోండి, వెంటనే ఆ మెసేజ్ మీదే రిపోర్ట్ కొట్టండి. ఆ తర్వాతే మోడ్‌ని డిలీట్ చేయమనండి. ఈ వరస తప్పితే రిపోర్ట్ చేయడానికి మెసేజే ఉండదు. లింక్ ఎందుకంటే, దాని చివర ఉన్న పెద్ద సంఖ్యలోనే మెసేజ్ పంపిన టైమ్ దాగి ఉంటుంది, మెసేజ్ పోయినా ఆ లెక్క మారదు:

```
(175928847299117063 >> 22) + 1420070400000
```

ఇది డిస్కార్డ్ డాక్యుమెంట్లలో ఇచ్చిన ఉదాహరణ, మొదటి సంఖ్య బదులు మీ లింక్ చివర ఉన్న సంఖ్య పెట్టుకోవాలి. వచ్చేది మిల్లీసెకన్లలో టైమ్, మన టైమ్ ప్రకారం 2016 ఏప్రిల్ 30 సాయంత్రం 4:48. ఏం తిట్టాడో ఇది చెప్పదు, కానీ మీ స్క్రీన్‌షాట్‌లో టైమ్ మార్చారని అవతలివాడు అంటే మాత్రం ఇది పనికొస్తుంది.

డేటా రిక్వెస్ట్ విషయంలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. సర్వర్ నుంచి గెంటేసినా, అక్కడ మీరు రాసిన మెసేజ్‌లు ఆ ఫైల్లో వస్తాయి. పాత సర్వర్‌లో రాసుకున్న గైడ్‌లూ టీమ్ నోట్సూ కావాలంటే ఇది మంచి దారి. అకౌంట్ సెట్టింగ్స్‌లో అడగాలి, రావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. అంతేగానీ ఎదుటివాళ్ళు రాసింది ఒక్క ముక్క కూడా రాదు, మీరు డిలీట్ చేసుకున్నవి కూడా రావు. "సర్వర్ చాట్ అంతా" అన్నది పచ్చి అబద్ధం.

ఇక టోకెన్. ఇది రాసినవాడికి సిగ్గుండాలి. టోకెన్ అంటే మీ అకౌంట్ తాళంచెవి, అది చేతికొస్తే పాస్‌వర్డూ ఓటీపీ ఏమీ అడగకుండా మీ పేరుతో లోపలికి వచ్చేస్తాడు. వచ్చాక వాడికి కనిపించేది మీకు కనిపించేదే, డిలీట్ అయినవి వాడికీ కనిపించవు. రికవరీ చేయడానికి అక్కడ ఏమీ లేదు. ఇప్పటికే ఎవరికైనా పంపేసి ఉంటే ఈ క్షణమే పాస్‌వర్డ్ మార్చండి, దాంతో పాత టోకెన్ పనిచేయడం ఆగిపోతుంది. తర్వాత మీ పేరుతో ఎవరికైనా లింకులు వెళ్ళాయేమో డీఎమ్‌లు చూసుకుని, వెళ్ళి ఉంటే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి.