అద్దానికి కటకం లెక్క నప్పదు

“v ప్లస్ వస్తే ప్రతిబింబం నిజం, మైనస్ వస్తే మిథ్య. m ప్లస్ అయితే పెద్దది, మైనస్ అయితే చిన్నది. ఎడమవైపు కొలతలు మైనస్, కుడివైపువి ప్లస్. ఈ మూడూ గుర్తుంటే బొమ్మ గీయనక్కర్లేదు.”

పదో తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం ఇది. ఇందులో v అంటే ప్రతిబింబ దూరం, m అంటే ప్రతిబింబం వస్తువుకు ఎన్ని రెట్లో చెప్పే ఆవర్ధనం. కింది లెక్కల్లో u వస్తు దూరం, f నాభ్యంతరం. బొబ్బిలిలో నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు దీన్ని నోట్సు మొదటి పేజీలో రాసుకుని వచ్చారు.

మొదటి వాక్యం కటకాలకు సరిపోతుంది, దర్పణాలకు సరిపోదు. దర్పణంలో దూరాలను దాని మధ్య బిందువైన ధ్రువం నుంచి కొలుస్తాము. పతన కాంతి ప్రయాణించే దిశలో కొలిస్తే ధనాత్మకం, దానికి ఎదురు దిశలో కొలిస్తే ఋణాత్మకం. కటకం గుండా కాంతి అవతలికి పోతుంది కాబట్టి కిరణాలు నిజంగా కలిసే చోటు అవతలే ఉంటుంది, v ధనాత్మకమవుతుంది. దర్పణం కాంతిని వెనక్కి తిప్పుతుంది. కిరణాలు కలిసేది వస్తువు ఉన్న వైపే, అందువల్ల నిజ ప్రతిబింబానికి v ఋణాత్మకం కావాలి.

నాభ్యంతరం 15 సెం.మీ. ఉన్న పుటాకార దర్పణానికి 10 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి పెట్టామనుకుందాం. f = −15, u = −10. 1/v = 1/f − 1/u అని వేస్తే 1/v = −1/15 + 1/10 = 1/30, అంటే v = +30. సందేశం ప్రకారం ఇది నిజ ప్రతిబింబం కావాలి. కాని దర్పణం ముందు తెల్ల కాగితాన్ని ఎంత జరిపినా కొవ్వొత్తి బొమ్మ దాని మీద పడదు, ఎందుకంటే ఆ 30 సెం.మీ. దర్పణం వెనుక ఉన్నాయి, అక్కడికి కాంతి వెళ్ళనే వెళ్ళదు.

దీన్ని గీసి చూడడానికి రెండు నిమిషాలు చాలు. 5 సెం.మీ.ను 1 సెం.మీ.గా తీసుకుని, నాభిని 3 సెం.మీ. వద్ద, వస్తువును 2 సెం.మీ. వద్ద, 1 సెం.మీ. ఎత్తున పెట్టాలి. అక్షానికి సమాంతరంగా వెళ్ళిన కిరణం నాభి గుండా తిరిగి వస్తుంది. ధ్రువాన్ని తాకిన కిరణం అక్షంతో అంతే కోణం చేస్తూ కిందికి వస్తుంది. ఆ రెండూ ముందువైపు విడిపోతూనే ఉంటాయి. చుక్కల గీతలతో వెనక్కి పొడిగిస్తే 6 సెం.మీ. వద్ద, 3 సెం.మీ. ఎత్తున కలుస్తాయి. మిథ్యా ప్రతిబింబం, నిటారు, మూడింతలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వృత్తలేఖినితో 6 సెం.మీ. వ్యాసార్థపు చాపం గీసి, సమాంతర కిరణాన్ని 3 సెం.మీ. ఎత్తులో పంపితే, కోణాలు కొలిచి గీసినప్పుడు అది అక్షాన్ని సుమారు 2.5 సెం.మీ. వద్దే దాటుతుంది, నాభికి చేరదు. సూత్రం అక్షానికి దగ్గరి కిరణాలకే వర్తిస్తుంది. అందుకే కిరణాలను ధ్రువం వద్ద నిలువుగా గీసిన సరళరేఖ దగ్గరే తిప్పడం మంచిది.

రెండో వాక్యానికి అదే దర్పణం జవాబు చెబుతుంది. కొవ్వొత్తిని 20 సెం.మీ.కు జరిపితే v = −60, m = −v/u = −3. గుర్తు మైనసే, ప్రతిబింబం మాత్రం మూడింతలు. ఇటు ఆటో పక్క అద్దం లాంటి కుంభాకార దర్పణంలో f = +15, u = −30 అనుకుంటే v = +10, m = +1/3. గుర్తు ప్లస్సే, ప్రతిబింబం మూడో వంతు. m గుర్తు నిటారా, తలక్రిందులా అన్నదే చెబుతుంది. పరిమాణం కోసం గుర్తు తీసేసి, మిగిలిన సంఖ్య 1 కన్నా ఎక్కువో తక్కువో చూడాలి.

మూడో వాక్యం ప్రశ్నలో ఇచ్చిన బొమ్మ తిరగబడినప్పుడు దెబ్బతీస్తుంది. పుటాకార దర్పణం పేజీకి ఎడమన ఉండి, కొవ్వొత్తి కుడివైపు 20 సెం.మీ.లో ఉందనుకోండి. కుడి ప్లస్ కాబట్టి u = +20 అని వేసి, బట్టీపట్టిన f = −15ను దానితో కలిపిన అమ్మాయికి v సుమారు −8.6 వచ్చింది. ఆమె లెక్క ప్రకారం ఎడమ అంటే దర్పణం వెనుక. నాభికి అవతల ఉన్న వస్తువుకు పుటాకార దర్పణం వెనుక ప్రతిబింబం ఏర్పడదు, కాబట్టి తప్పు అక్కడే బయటపడాలి. కాని ఆమె బొమ్మ గీయలేదు కాబట్టి కనిపించలేదు. కొవ్వొత్తి నుంచి దర్పణం వైపు ఒక బాణం గుర్తు పెట్టమన్నాను. బాణం ఎడమకు తిరిగింది, కాబట్టి ఈ బొమ్మలో ఎడమే ధనదిశ, u మళ్ళీ −20. తన స్కేలులో కిరణాలు గీసేసరికి అవి దర్పణం ముందు 12 సెం.మీ. వద్ద కలిశాయి, అంటే 60 సెం.మీ. ఆమె −8.6 కొట్టేసి పక్కన −60 రాసింది, నోట్సు మొదటి పేజీలోని మూడో వాక్యం మీద కూడా అదే పెన్నుతో గీత పెట్టింది.