దేకితే ఏం వండాల?

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పారాడితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. పసిపిల్లల ప్రతి కదలికకూ మన పెద్దలు ఒక వంట రాసిపెట్టినారు. దేకే బిడ్డకు మాత్రం ఏమీ రాయలేదు. ఈ లోపం వల్లే పోయిన నెల కడపలో మా ఇంట్లో విచారణ సంఘం కూర్చోవలసి వచ్చింది. అధ్యక్షుణ్ణి నేనే.

నిందితురాలు నా కూతురు, వయసు 11 నెలలు. ఏడో నెలలోనే నిబ్బరంగా కూర్చుని మాకు కుడుములు తినిపించి, పాయసం దగ్గర ఎగ్గొట్టిందని అభియోగం. బోర్లా వేస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుపు. కూర్చోబెడితే కుడిచేత్తో నేలను నెట్టి, మడమలతో లాక్కుంటూ కడప బండల మీద పడవలా పోతుంది. అంత నున్నగా పరిచి నేరానికి సహకరించినందుకు బండల మేస్త్రీని కూడా పిలిపించాలన్నాను గానీ ఎవరూ బలపరచలేదు.

ఎదురింటి అక్క సాక్ష్యం చెప్పింది: "మా బుడ్డోడు ఎనిమిదో నెలకే పారాడినాడు. పాప కాళ్లల్లో సత్తువ లేదేమో చూడండి." చంకల కింద పట్టి నిలబెట్టబోతే పాప రెండు కాళ్లూ నేలకు ఆనించకుండా ముందుకు చాచి, గాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. సంఘం నిట్టూర్చి కేసును పిల్లల డాక్టరమ్మకు అప్పగించింది.

ఆమె గిలక్కాయ ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు చూపించింది. పాప రెండు చేతులతోనూ లాక్కుంది. కాళ్లు బిగుసుకుపోయాయా, తొడలు రెండూ సమానంగా విచ్చుకుంటున్నాయా అని చూసింది. "ఆ గాలికుర్చీ దేకే పిల్లల ఆనవాలే. ఇంట్లో ఇంకెవరన్నా ఇట్లే దేకినారా?" అని అడిగింది.

మా అమ్మ పైట సర్దుకుంది. "వీడే మేడమ్. రెండేళ్లకు నెల తక్కువలో నడిచినాడు."

సంఘం మొత్తం అధ్యక్షుడి వైపు తిరిగింది.

ఈ దేకుడు చాలా ఇళ్లలో వంశంలో వస్తుందట. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను గమనించి వేసిన లెక్కలో, నూటికి నలుగురు మోకాళ్ల మీద పారాడనే లేదు. దేకేవాళ్లు నడిచేది మాత్రం ఆలస్యంగానే, చాలామంది ఏడాదిన్నర దాటినాకే. "అట్లని నిశ్చింతగా కూర్చోవద్దు. 18 నెలలకు నడవకుంటే మళ్లీ తీసుకురండి. ఒక చెయ్యో కాలో వాడకున్నా, కాళ్లు కర్రల్లా బిగిసినా, వచ్చిన పని మర్చిపోయినా అప్పటిదాకా ఆగొద్దు" అంది డాక్టరమ్మ.

సంఘం రద్దయింది. దేకితే దోసెలు, అదీ ఎర్రకారం పూసి, అని మా అమ్మ రాజ్యాంగాన్ని సవరించింది. అది వెనకటి తేదీ నుంచి వర్తించాలని నేను అర్జీ పెట్టుకున్నాను. నాకు రావలసినవి చాలా ఉన్నాయి.