లాకర్లో ఏం పోయినా బ్యాంకు వంద రెట్లు ఇస్తుందా?

"ఆర్బీఐ కొత్త రూల్! లాకర్లో మీ నగలు పోతే వాటి విలువకు వంద రెట్లు బ్యాంకే ఇవ్వాలి. దొంగతనమైనా, వరదైనా సరే. ఇన్సూరెన్స్ కూడా బ్యాంకుదే. డబ్బు, బంగారం ఏదైనా పెట్టుకోవచ్చు. అద్దె కడుతున్నంత కాలం మీ లాకర్‌ను ఎవరూ తెరవలేరు. అందరికీ పంపండి."

ఫోన్లలో తిరుగుతున్న ఈ మెసేజ్‌లోని వంద రెట్లు అన్న మాట నిబంధనల్లో నిజంగానే ఉంది. అయితే వంద రెట్లు కట్టేది నగల విలువకు కాదు, లాకర్ ఏడాది అద్దెకు. 2021 ఆగస్టులో వచ్చి, 2022 జనవరి 1 నుంచి అమలైన ఆర్బీఐ నిబంధనల్లో ఉన్నది ఇదే.

లెక్క వేసి చూద్దాం. ఒకావిడ లాకర్లో 30 కాసుల బంగారం ఉంది, అంటే 240 గ్రాములు. గ్రాము పది వేలు వేసుకుంటే 24 లక్షలు. ఆమె లాకర్ అద్దె ఏడాదికి 3,000. రేపు ఆ బ్రాంచిలో దొంగలు పడి లాకర్ ఖాళీ చేస్తే, ఈ నిబంధన ప్రకారం బ్యాంకు బాధ్యత 3 లక్షలు. అంటే 30 గ్రాములు, నాలుగు కాసులకు కూడా చాలవు. అద్దె తక్కువని చిన్న లాకర్ తీసుకుని అందులో నగలన్నీ కుక్కేవాళ్లకు పరిహారం కూడా ఆ చిన్న అద్దె మీదే లెక్క కడతారు.

నేను బ్యాంకులో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్నేళ్లు లాకర్ల రిజిస్టరు చూశాను. మేం మాస్టర్ తాళం తిప్పి బయటికి వచ్చేస్తాం, కస్టమర్ తన తాళంతో తెరుచుకుంటారు. లోపల ఏముందో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. నగల విలువ కట్టి పరిహారం ఇవ్వడం కుదరనిది అందుకే. లోపల ఏముందో రుజువు చేసుకోవాల్సిన భారం మీదే. కొన్న బిల్లులు, నగల ఫొటోలు ఇంట్లో ఉండాలి. వాటిని కూడా లాకర్లోనే పెట్టేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక వరద సంగతి. దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది చేసిన మోసం, వీటికే ఆ వంద రెట్ల బాధ్యత. భూకంపం, వరద, పిడుగు లాంటి ప్రకృతి వైపరీత్యాలకు బ్యాంకు బాధ్యత లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగిన సంగతి మనకు తెలుసు. అలాంటి నీళ్లు లాకర్ గదిలోకి వస్తే ఈ నిబంధన కింద అడగడానికేమీ ఉండదు. కాకపోతే లాకర్లను కాపాడడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాల్సిన బాధ్యత బ్యాంకుకు అప్పుడూ ఉంటుంది.

అలాగని బ్యాంకు చేతులు దులుపుకోవచ్చని కాదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. అద్దె బాకీ కట్టేసిన కస్టమర్ లాకర్‌ను ఆయనకు చెప్పకుండా పగలగొట్టిన కేసు అది. పరిహారంగా 5 లక్షలు, ఖర్చుల కింద లక్ష ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఇప్పటి ఆర్బీఐ నిబంధనలు వచ్చింది ఆ తీర్పు తర్వాతే.

ఇన్సూరెన్స్ మాట పూర్తిగా తప్పు. 5 లక్షల డిపాజిట్ బీమా మీ ఖాతాలోని డబ్బుకే, లాకర్‌కు కాదు. లాకర్లోని వస్తువులకు బ్యాంకులు బీమా అమ్మకూడదని ఆర్బీఐ స్పష్టంగా చెప్పింది. కావాలంటే మీరే విడిగా తీసుకోవాలి. తీసుకునేటప్పుడు పాలసీ లాకర్లో ఉన్న నగలకు కూడా వర్తిస్తుందా అని అడగండి.

డబ్బు పెట్టుకోవచ్చన్నది కూడా తప్పే. నగలు, దస్తావేజుల వంటి వాటికే లాకర్, నగదు పెట్టకూడదు అని బ్యాంకులు ఇప్పుడు మనతో రాయించుకునే ఒప్పందంలోనే ఉంటుంది. 2023లో మొరాదాబాద్‌లో ఒక తల్లి కూతురి పెళ్లి కోసం లాకర్లో దాచిన 18 లక్షల నోట్లను చెదలు తినేశాయి. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను.

లాకర్‌ను ఎవరూ తెరవలేరన్న ఆ మెసేజ్‌లోని చివరి మాట అన్నిటికంటే ప్రమాదం, ముఖ్యంగా అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్నవాళ్లకు. అద్దె ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతోంది కదా అని ధీమాగా ఉంటారు. కానీ ఏడేళ్లు లాకర్ తెరవకపోయి, యజమాని ఎక్కడున్నారో బ్యాంకుకు దొరకకపోతే, అద్దె సక్రమంగా అందుతున్నా సరే, ఆ లాకర్‌ను తెరిచే అధికారం బ్యాంకుకు ఉంది. అద్దె మూడేళ్లు కట్టకపోయినా తెరవొచ్చు. ముందు ఉత్తరం, ఈమెయిల్, ఎస్ఎంఎస్ పంపాలి. ఉత్తరం తిరిగొస్తే పేపర్లో ప్రకటన ఇవ్వాలి. బ్యాంకు అధికారి, ఇద్దరు సాక్షుల ఎదుట తెరిచి వీడియో తీయాలి. ఇవన్నీ మీ రక్షణ కోసమే. కానీ మీ పాత అడ్రసు, పాత ఫోన్ నంబరే బ్యాంకులో ఉంటే వాళ్ల కబురు మీకు చేరదు. ఈసారి ఊరొచ్చినప్పుడు ఒకసారి లాకర్ తెరిచి, రిజిస్టరులో సంతకం పెట్టి, ఫోన్ నంబరు మార్పించి, నామినీ పేరు సరిగ్గా ఉందో చూసి వెళ్లండి.